సైట్ పడిపోతే మీకు మొదట చెప్పేదెవరు?

*చిన్న వ్యాపారాల వెబ్‌సైట్లు చడీచప్పుడు లేకుండా ఆగిపోతుంటాయి. ఆ సంగతి కస్టమర్ కంటే ముందే యజమానికి ఎలా తెలియాలి? నెలాఖరులో కనిపించే ‘అప్‌టైమ్ 99.5 శాతం’ అన్న అంకెను ఎంతవరకు నమ్మొచ్చు?*

2025 నవంబర్ 18, మంగళవారం. సాయంత్రం అయిదుకు పది నిమిషాల ముందు. ఆఫీసుల్లో టీ వేళ. ఫోన్లో ఎక్స్ తెరిచినవాళ్లకు పోస్టులు రాలేదు. వేరే సైట్లకు వెళ్లినా చాలాచోట్ల ఒకటే తెల్లటి పేజీ, దాని మీద వరుసగా మూడు బొమ్మలు. మొదటిది మీ బ్రౌజర్, దాని కింద Working. చివరిది మీరు వెళ్లాలనుకున్న సైట్ సర్వర్, దాని కిందా Working. మధ్యలో ఉన్న Cloudflare బొమ్మ కింద మాత్రం ఎర్రగా Error. ఇంటర్నెట్‌లో ఏది పడిపోయిందో చూద్దామని డౌన్‌డిటెక్టర్‌కు వెళ్తే చాలామందికి అదీ తెరుచుకోలేదు. ఆ సైట్ కూడా క్లౌడ్‌ఫ్లేర్ వెనకే ఉంది మరి!

కారణం తర్వాత ఆ కంపెనీయే చెప్పింది. డేటాబేస్ అనుమతుల్లో చేసిన ఒక మార్పు వల్ల, బాట్‌లను పసిగట్టే వ్యవస్థ వాడే ఫైలు రెండింతలైంది. దాన్ని చదివే సాఫ్ట్‌వేర్‌కు ఉన్న హద్దు దాటింది. మన సమయం ప్రకారం రాత్రి ఎనిమిదికి చాలావరకు సర్దుకుంది, పూర్తిగా చక్కబడేసరికి పదిన్నర దాటింది. దానికి నెల ముందు, సరిగ్గా దీపావళి రోజు అక్టోబర్ 20న, అమెజాన్ క్లౌడ్‌కు చెందిన వర్జీనియా కేంద్రంలో డీఎన్ఎస్ లోపం తలెత్తి ఎన్నో యాప్‌లు గంటల తరబడి మొరాయించాయి.

ఇంత పెద్ద సంస్థలు పడితే ప్రపంచమంతా గగ్గోలు పెడుతుంది. టీవీల్లో స్క్రోలింగ్ వస్తుంది. ఇంజినీర్లు పరుగెడతారు. మరి గుంటూరు పచ్చళ్ల సైటో, మంగళగిరి చీరల సైటో పడిపోతే? ఎవరూ అరవరు.

ఫిర్యాదు రాదు, ఆర్డరూ రాదు

ఒక పచ్చళ్ల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. గుంటూరులో భార్యాభర్తలు నడుపుతున్నారు. సైట్ వర్డ్‌ప్రెస్ మీద ఉంది, తెలిసినవాళ్ల అబ్బాయి కట్టిపెట్టాడు. ఆర్డర్లలో ఎక్కువ భాగం డాలస్, న్యూజెర్సీల్లో ఉన్న తెలుగువాళ్లవి. ఆవకాయ కాలం, మే నెల. పగలంతా ముక్కలు కొట్టించడం, కారం కలపడం, జాడీలకు ఎత్తడం. రాత్రి పదికి నిద్ర. అమెరికాలో పొద్దెక్కి జనం ఆర్డర్లు పెట్టే వేళకు ఇక్కడ ఇల్లంతా గాఢనిద్రలో ఉంటుంది.

ఓ రోజు పొద్దున్నే ఆవిడ వాట్సాప్‌లో డాలస్ అమ్మాయి మెసేజ్: ‘‘ఆంటీ, నిన్న సాయంత్రం మీ సైట్ ఓపెన్ అవలేదు. సరేలెండి, వేరేచోట తెప్పించుకున్నాం.’’ ఆవిడ వెంటనే సైట్ తెరిచి చూస్తుంది. శుభ్రంగా పనిచేస్తోంది. వాళ్ల నెట్ బాగాలేదేమో అనుకుని పనిలో పడిపోతుంది.

చిన్న సైట్ల కథ ఇలాగే ఉంటుంది. చెప్పిన కస్టమర్ ఒక్కరు. చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు ఎందరో లెక్క తేలదు. ఆర్డర్లు తగ్గితే సీజన్ మందగించిందనుకుంటారు గానీ సైట్ మీదకు అనుమానం పోదు. తను చూసిన ప్రతిసారీ అది పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి.

ఎందుకు పడిపోతాయి?

చిన్న సైట్లు పడిపోయేది దొంగదాడుల వల్లే అని చాలామంది భయం. తరచుగా జరిగేవి మాత్రం చాలా మామూలు సంగతులు: గడువులు దాటడం, సర్వర్ మీద భారం పెరగడం.

మొదటిది డొమైన్ గడువు. సైట్ పేరును ఏటా రెన్యూ చేయాలి. నెల ముందు ఒకటి, వారం ముందు ఒకటి చొప్పున రిజిస్ట్రార్ హెచ్చరిక మెయిల్ పంపాలని అంతర్జాతీయ సంస్థ ఐకాన్ నిబంధన ఉంది. మెయిల్ వెళ్తుంది కూడా. వెళ్లేది సైట్ కట్టిన అబ్బాయి పాత మెయిల్‌కు. అతను బెంగళూరులో ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. ‘ఆటో రెన్యూ పెట్టాం కదా’ అన్న ధీమా ఒకటి. 2021 అక్టోబర్ నుంచి రిజర్వ్ బ్యాంకు నిబంధనల ప్రకారం, ముందుగా మ్యాండేట్ నమోదు చేయకపోతే మన కార్డు నుంచి ప్రతి ఏడూ డబ్బు దానంతటదే కట్ కాదు. విదేశీ రిజిస్ట్రార్ దగ్గర కార్డు వివరాలు ఇచ్చి మరిచిపోయినవాళ్లకు ఆ ఏడాది చెల్లింపు ఫెయిలవుతుంది. ఆ సమాచారమూ అదే పాత మెయిల్‌కు పోతుంది.

రెండోది సర్టిఫికెట్ గడువు. కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ ముందు తాళం గుర్తు చూపించేది అదే. అది ముగిసిందంటే సైట్ బతికే ఉన్నా బ్రౌజర్ ‘ఇది సురక్షితం కాదు’ అని ఎర్రజెండా ఊపుతుంది, డబ్బు కట్టాల్సిన కస్టమర్ వెనక్కి తిరుగుతాడు. చిన్న సైట్లు ఎక్కువగా వాడే ఉచిత సంస్థ లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే మామూలు సర్టిఫికెట్ గడువు 90 రోజులు. దాన్ని పొడిగించే పని సర్వర్ తనే చేసుకుంటుంది. ఏదో కారణంతో ఆ పని ఆగిపోతే, ఇదివరకు సంస్థ నుంచి హెచ్చరిక మెయిల్ వచ్చేది. 2025 జూన్ నుంచి ఆ మెయిళ్లు ఆపేశారు. ఇది చిన్నవాళ్ల అజాగ్రత్త మాత్రమే కాదు. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆగిపోవడానికి కారణం కూడా గడువు దాటిన సర్టిఫికెట్టే.

మూడోది సర్వర్ అలసట. నెలకు మూడు నాలుగు వందలు కట్టే షేర్డ్ హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద బోలెడు సైట్లు ఉంటాయి. పక్క సైట్‌కు తాకిడి పెరిగినా, మన బ్యాకప్ నడిచినా, ఓ ప్లగిన్ అప్‌డేట్ బెడిసికొట్టినా డేటాబేస్ స్పందించడం మానేస్తుంది. కాసేపటికి తనే తేరుకుంటుంది. గుంటూరు సైట్‌కు పట్టిన రోగం ఇదే.

> గడువు దాటిన డొమైన్‌కు ఏమవుతుంది?
>
> డాట్‌కామ్ పేరు గడువు ముగిసిన వెంటనే చేజారిపోదు. మామూలు రుసుముతోనే రెన్యూ చేసుకునే వెసులుబాటును రిజిస్ట్రార్ ఇవ్వొచ్చు, అది గరిష్ఠంగా 45 రోజులు. పేరును తొలగించాక మరో 30 రోజులు ‘రిడెంప్షన్’ దశ. అప్పుడు వెనక్కి తీసుకోవాలంటే అదనపు రుసుము గట్టిగానే ఉంటుంది. ఆ తర్వాత 5 రోజులకు పేరు బహిరంగ విపణిలోకి వస్తుంది. ఈ వ్యవధి మొత్తం సైట్ పనిచేస్తుందని కాదు. గడువు దాటిన కొద్దిరోజులకే దాని స్థానంలో ప్రకటనల పేజీ వచ్చేయొచ్చు.

బయటి నుంచి చూసే కన్ను

దీనికి మందు పాతదే. మన సైట్‌తో సంబంధం లేని ఇంకో కంప్యూటర్ కొన్ని నిమిషాలకోసారి కస్టమర్‌లా సైట్ తెరిచి చూడాలి, తెరుచుకోకపోతే మన ఫోన్‌కు కబురు పంపాలి. దీన్ని అప్‌టైమ్ మానిటర్ అంటారు. అప్‌టైమ్‌రోబో వంటి సేవలు ఈ పని చేసిపెడతాయి. దాని ఉచిత ప్లాన్‌లో అయిదు నిమిషాలకోసారి చూస్తుంది. అయితే ఆ ప్లాన్ వ్యాపారేతర వాడకానికే. దుకాణం నడిపేవాళ్లు డబ్బు కట్టాలి. సర్వర్ పని తెలిసినవాళ్లయితే ‘అప్‌టైమ్ కూమా’ అనే ఉచిత ఓపెన్‌సోర్స్ సాఫ్ట్‌వేర్‌ను సొంతంగా పెట్టుకోవచ్చు. ఒక్కటే నియమం: దాన్ని సైట్ ఉన్న సర్వర్ మీదే పెట్టకూడదు. సర్వర్ పడిన రోజు కాపలాదారు కూడా పడిపోతాడు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద పెట్టినా చిక్కే. కరెంటు పోతే చూసే దిక్కుండదు. నెట్ పోతే అన్ని సైట్లూ పడిపోయాయని రాసుకుంటుంది, ఆ సంగతి చెప్పడానికి దానికి దారి ఉండదు.

సేవ ఏదైనా సెట్ చేసేటప్పుడు మొదటి ప్రశ్న, ‘ఏ రకం పరీక్ష?’ అని. చాలామంది ఇక్కడే పొరబడతారు.

Ping అనే రకం ఉంటుంది. అది యంత్రం పలుకుతోందా లేదా అని మాత్రమే చూస్తుంది. దుకాణానికి తాళం వేసి ఉన్నా, బయటి నుంచి పిలిస్తే వాచ్‌మన్ ‘ఆ’ అన్నట్టు, డేటాబేస్ చచ్చిపోయినా సర్వర్ పింగ్‌కు జవాబిస్తూనే ఉంటుంది. కాబట్టి పింగ్ చాలదు.

HTTP(s) అనే రకం నిజంగానే పేజీని అడుగుతుంది. సర్వర్ 200 అనే సంకేతం ఇస్తే బాగున్నట్టు, 500 వంటిది ఇస్తే పడిపోయినట్టు. ఇది మెరుగే. కానీ 200 కూడా అబద్ధమాడగలదు. డొమైన్ గడువు తీరి, మీ సైట్ స్థానంలో ప్రకటనల పేజీ వచ్చిందనుకోండి. ఆ పేజీ చక్కగా తెరుచుకుంటుంది, 200 ఇస్తుంది. మానిటర్‌లో పచ్చదీపం వెలుగుతూనే ఉంటుంది.

అందుకే ఎంచుకోవాల్సింది Keyword రకం. పేజీ తెరుచుకోవడంతో పాటు అందులో ఫలానా మాట ఉందో లేదో కూడా ఇది చూస్తుంది. ఆ మాటను ఎంచుకోవడంలోనే నేర్పు. దుకాణం పేరు పెట్టారనుకోండి, ఎర్రర్ పేజీలో కూడా అది పైన కనిపించొచ్చు. డేటాబేస్ నుంచి వస్తే తప్ప కనబడని మాట కావాలి. ఆవకాయ పేజీలో ధర పక్కన ఉండే ‘కార్ట్‌లో చేర్చండి’ లాంటిది సరిపోతుంది. సరుకు అయిపోయినప్పుడు ఆ మాట మాయమయ్యే సైట్లుంటాయి. కాబట్టి ఏడాది పొడవునా ఉండే వస్తువు పేజీని తీసుకోవాలి. కొన్ని సైట్లలో ఇలాంటి బటన్లను బ్రౌజర్ తర్వాత తయారు చేస్తుంది, మానిటర్‌కు అవి కనబడవు. పేజీ సోర్స్ తెరిచి ఆ మాట అందులో ఉందో లేదో వెతికి చూస్తే చాలు.

ఏ పేజీని చూపించాలన్నది రెండో ప్రశ్న. అలవాటుగా అందరూ హోమ్ పేజీ ఇస్తారు. వేగం కోసం హోమ్ పేజీ నకలును చాలా సైట్లు దాచి ఉంచుతాయి. వెనక డేటాబేస్ ఆగిపోయినా ఆ నకలు కస్టమర్‌కు కనిపిస్తూనే ఉంటుంది, ‘కొనండి’ అని నొక్కినప్పుడు గానీ అసలు సంగతి బయటపడదు. అందువల్ల నకలు దాచని పేజీ ఒకటి తప్పనిసరిగా ఇవ్వాలి. సాధారణంగా కార్ట్ పేజీ అలాంటిదే. మన ఉదాహరణలో రెండు మానిటర్లు చాలు: వస్తువు పేజీకి ఒకటి, కార్ట్ పేజీకి ఒకటి.

మూడోది, గడువుల కాపలా. సర్టిఫికెట్ ముగిసే ముందు హెచ్చరించే సదుపాయం చాలా మానిటర్లలో ఉంటుంది, టిక్ పెట్టాలంతే. అప్‌టైమ్ కూమాలో అయితే 21, 14, 7 రోజుల ముందు చెబుతుంది. డొమైన్ తేదీని ఇంటి క్యాలెండర్‌లోనూ, ఫోన్ క్యాలెండర్‌లోనూ నెల ముందు తేదీ వేసి రాసుకోవడం మేలు.

గంట ఎవరి ఫోన్లో మోగాలి?

మానిటర్ పెట్టినా లాభం లేకపోయిన సందర్భాల్లో తరచుగా తప్పు ఇక్కడే ఉంటుంది. అలర్ట్ పంపాల్సిన చిరునామా అడిగితే చాలామంది info తో మొదలయ్యే దుకాణం మెయిల్ ఇస్తారు. ఆ మెయిల్ అదే డొమైన్ మీద, తరచుగా అదే సర్వర్ మీద ఉంటుంది. డొమైన్ పోతే మెయిల్ కూడా పోతుంది. సైట్ పడిందని చెప్పే ఉత్తరం సైట్‌తో పాటే మునిగిపోతుంది. అలర్ట్ వచ్చే దారి సైట్‌తో ఏ సంబంధమూ లేనిదై ఉండాలి: సొంత జీమెయిల్, మానిటర్ కంపెనీ యాప్, లేదా టెలిగ్రామ్.

టెలిగ్రామ్ ఏర్పాటు పది నిమిషాల పని. యాప్‌లో @BotFather అని వెతికి, /newbot అని పంపితే అది పేరడిగి ఒక పొడవాటి టోకెన్ ఇస్తుంది. కొత్త బాట్‌ను ఇంట్లోవాళ్ల గ్రూపులో చేర్చి, ఆ టోకెన్‌ను, గ్రూప్ చాట్ నంబర్‌ను మానిటర్‌లో నింపాలి. గ్రూపులో పెడితే భార్యకో భర్తకో అమెరికాలో ఉన్న అబ్బాయికో ఎవరో ఒకరికి కనబడుతుంది. టోకెన్ తాళంచెవి లాంటిదే, దాన్ని ఎవరికీ ఫార్వర్డ్ చేయకూడదు.

తర్వాతి అడ్డంకి ఫోనే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా పేరుతో వాడని యాప్‌లను నిద్రపుచ్చుతాయి. అలర్ట్ యాప్‌కు ఆ కట్టడి తీసేయాలి. రాత్రి ‘డు నాట్ డిస్టర్బ్’ పెట్టేవాళ్లు ఆ ఒక్క యాప్‌కు మినహాయింపు ఇవ్వాలి.

దీనికి విరుద్ధమైన జబ్బు, అనవసరపు గంటలు. మధ్యలో ఏ నెట్‌వర్కో ఒక్క క్షణం తడబడితే మానిటర్ సైట్ పడిపోయిందనుకుంటుంది. రాత్రి రెండు గంటలకు అలాంటివి నాలుగు వచ్చాయంటే అయిదో రాత్రి ఫోన్ సైలెంట్‌లోకి వెళ్తుంది. అసలైన ప్రమాదం ఆరో రాత్రి వస్తుంది. అందుకే ఒక్కసారి విఫలమవగానే కబురు పంపకుండా, మళ్లీ రెండుసార్లు చూసి అప్పుడు పంపేలా పెట్టాలి. కూమాలో దాని పేరు Retries. నిమిషానికోసారి చూసే మానిటర్‌కు అక్కడ 2 అని ఇస్తే, సైట్ నిజంగా పడిన మూడు నిమిషాల్లోపు గంట మోగుతుంది, క్షణికమైన తడబాట్లకు మోగదు.

ఇంకో రకం తప్పుడు గంట ఉంది. కస్టమర్లకు సైట్ బాగానే తెరుచుకుంటుంది, మానిటర్‌కు మాత్రం 403 అని వస్తుంటుంది. సైట్ ముందున్న ఫైర్‌వాల్ మానిటర్‌ను దొంగ బాట్ అనుకుని గెంటేస్తోందని దానర్థం. మానిటర్ కంపెనీలు తమ ఐపీ చిరునామాల జాబితా ప్రకటిస్తాయి. వాటిని ఫైర్‌వాల్‌లో అనుమతిస్తే సరి.

> తెర మీద కనబడే మాటను బట్టి రోగం
>
> అలర్ట్ రాగానే వైఫై ఆపి, మొబైల్ డేటాతో సైట్ తెరిచి చూడండి. మన ఇంటి నెట్ తప్పు కాదని తేలుతుంది. కనబడిన మాటను స్క్రీన్‌షాట్ తీయండి.
>
> DNS_PROBE_FINISHED_NXDOMAIN: డొమైన్ లేదా డీఎన్ఎస్ సమస్య. రిజిస్ట్రార్ ఖాతా తెరిచి గడువు తేదీ చూడాలి.
>
> NET::ERR_CERT_DATE_INVALID: సర్టిఫికెట్ గడువు. హోస్టింగ్ ప్యానెల్‌లో మళ్లీ జారీ చేయించాలి. మీ ఫోన్లో తేదీ తప్పుగా ఉన్నా ఇదే వస్తుంది.
>
> Error establishing a database connection: వర్డ్‌ప్రెస్‌కు డేటాబేస్ అందడం లేదు. హోస్టింగ్ సపోర్ట్‌కు చెప్పాలి.
>
> 502, 503, 504: సర్వర్ భారం మోయలేకపోతోంది లేదా మధ్యలో ఏదో ఆగింది. కొద్ది నిమిషాల్లో తగ్గకపోతే సపోర్ట్.

99.5 ఎంత మంచి మార్కు?

మానిటర్ పెట్టి నెల గడిచింది. గుంటూరు సైట్ నివేదికలో పెద్ద అక్షరాలతో ‘అప్‌టైమ్ 99.5%’ అని ఉంది. పరీక్షల్లో వచ్చే మార్కులకు అలవాటుపడిన కంటికి అది డిస్టింక్షన్‌లా కనిపిస్తుంది. చూడాల్సింది మిగిలిన అర శాతం.

30 రోజుల నెలలో 43,200 నిమిషాలుంటాయి. అందులో అర శాతం 216 నిమిషాలు, అంటే మూడు గంటల 36 నిమిషాలు. 99 శాతం అంటే ఏడు గంటల 12 నిమిషాలు. 99.9 అంటే 43 నిమిషాలు. దశాంశ బిందువు తర్వాత ఒక తొమ్మిది చేరాలంటే ఆగే కాలం పదో వంతుకు తగ్గాలి. శాతాన్ని నిమిషాల్లోకి మార్చుకోకుండా చదివితే ఇది తెలియదు.

నిమిషాలు తెలిసినా కథ పూర్తికాదు. ఒకే 99.5 మార్కు తెచ్చుకున్న రెండు సైట్లు తీసుకోండి. మొదటిది నెలలో ఒకే ఒక్కసారి, ఓ మంగళవారం పగలు పన్నెండింటి నుంచి మూడు గంటల 36 నిమిషాలు ఆగింది. న్యూజెర్సీలో అప్పుడు రాత్రి రెండున్నర, జనం నిద్రలో ఉన్నారు. అమెరికా ఆర్డర్ల మీద బతికే దుకాణానికి పెద్ద నష్టం లేదు. రెండోది ప్రతి రాత్రీ మన సమయం రెండున్నరకు సుమారు ఏడు నిమిషాలు ఆగుతోంది. ముప్ఫై రాత్రులు కలిపితే అదే 216 నిమిషాలు. ఆ సమయానికి న్యూజెర్సీలో సాయంత్రం అయిదు, డాలస్‌లో నాలుగు. ఆర్డర్లు వచ్చే వేళ రోజూ తలుపు మూసుకుపోతోంది. శాతం రెండింటినీ ఒకే గాటన కట్టింది, గల్లాపెట్టె కట్టదు.

గుంటూరు సైట్ రెండో రకం. ఆ సంగతి శాతం చెప్పలేదు, దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే ఇన్సిడెంట్ల జాబితా చెప్పింది. వరుసగా ప్రతి రోజూ 2.30, 2.31, 2.30 అని ఉంది. రోజూ ఒకే సమయానికి వచ్చే జబ్బుకు దాదాపు ఎప్పుడూ కారణం ఒక్కటే: షెడ్యూల్ చేసిన పని ఏదో ఆ వేళకు నడుస్తోంది. ఇక్కడ అది బ్యాకప్. సైట్ కట్టిన అబ్బాయి దాన్ని రాత్రి తొమ్మిదికి పెట్టాడు, అతని ఉద్దేశంలో మన తొమ్మిదే. సర్వర్ గడియారం మాత్రం యూటీసీలో ఉంది. యూటీసీ రాత్రి తొమ్మిది అంటే మనకు తెల్లవారుజాము రెండున్నర. బ్యాకప్ నడిచినంతసేపూ డేటాబేస్ ఊపిరాడక ఆగిపోతోంది. దాన్ని మన మధ్యాహ్నం రెండింటికి, అంటే యూటీసీ ఎనిమిదిన్నరకు మారిస్తే న్యూజెర్సీలో తెల్లవారుజాము నాలుగున్నర అవుతుంది. మన దగ్గర కూడా కస్టమర్లు ఎక్కువే ఉంటే మార్చాల్సింది సమయం కాదు, సైట్‌ను ఆపకుండా బ్యాకప్ తీసే పద్ధతి.

వాట్సాప్‌లో మెసేజ్ పెట్టిన డాలస్ అమ్మాయి చెప్పింది నిజమే. ఆవిడ పొద్దున చూసినప్పుడు సైట్ బాగానే ఉండడమూ నిజమే.

అంకె వెనక రెండు కిటుకులు

అప్‌టైమ్ చదివేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న, ‘ఎన్ని రోజుల లెక్క?’ అని. నిన్న రెండు గంటలు సైట్ ఆగిందనుకోండి. 24 గంటల లెక్కలో అది 91.67 శాతం. 30 రోజుల లెక్కలో 99.72. 90 రోజుల లెక్కలో 99.91. జరిగింది ఒక్కటే, కిటికీ పెద్దదయ్యే కొద్దీ మరక చిన్నదవుతుంది. అందుకే గొప్పగా చెప్పుకోవాలనుకునేవాళ్లు ఏడాది లెక్క చూపిస్తారు. యజమాని చూడాల్సింది వారం, నెల లెక్కలు. నవంబర్ 18నాటి క్లౌడ్‌ఫ్లేర్ అంతరాయాన్నే చూడండి. సాయంత్రం 4.50 నుంచి రాత్రి 8 దాకా మొత్తంగా ఆగిపోయిన సైట్‌కు ఆ నెల 99.56 శాతం వస్తుంది. అంత గగ్గోలు పుట్టించిన సంఘటన నెల లెక్కలో అర శాతం కూడా కాలేదు.

రెండో ప్రశ్న, ‘ఎంతసేపటికోసారి చూస్తోంది?’ అని. అయిదు నిమిషాలకోసారి చూసే మానిటర్ రెండు చూపుల మధ్య నాలుగు నిమిషాలు సైట్ పడి లేచినా గమనించదు. ఏడు నిమిషాలు ఆగితే ఓ రాత్రి అయిదని, ఇంకో రాత్రి పదని రాసుకుంటుంది. 99.99 శాతం అంటే నెలకు నాలుగు నిమిషాల 19 సెకన్లు. అయిదు నిమిషాల కొలబద్దతో నాలుగు నిమిషాల గీతను కొలవలేం. కాబట్టి అలాంటి మానిటర్‌లో ‘100%’ కనబడితే ‘పడిపోవడం మేం చూడలేదు’ అని చదువుకోవాలి. చిన్న దుకాణానికి నిమిషానికోసారి చూపు ఉంటే మంచిది. లేదంటే అయిదు నిమిషాలదైనా ఫరవాలేదు, అంకెను మాత్రం ఆ మేరకే నమ్మాలి.

హోస్టింగ్ కంపెనీ ‘99.9 గ్యారంటీ’

హోస్టింగ్ ప్రకటనలన్నింటిలోనూ ఈ అంకె మెరుస్తుంది. షరతుల పేజీ చదివితే అది దేనికి గ్యారంటీయో తెలుస్తుంది. కంపెనీ కొలిచేది సాధారణంగా తన సర్వర్, నెట్‌వర్క్ పనిచేయడం. మన ప్లగిన్ చెడినా, డొమైన్ గడువు దాటినా, బ్యాకప్ ఊపిరి బిగించినా దాని లెక్కలోకి రావు. ముందుగా చెప్పి చేసే మరమ్మతులనూ చాలా కంపెనీలు మినహాయిస్తాయి.

మాట తప్పితే ఇచ్చేది కూడా పోయిన వ్యాపారానికి పరిహారం కాదు, బిల్లులో కొంత తగ్గింపు. అదీ మనం అడిగితేనే. అమెజాన్ ఈసీ2 సేవ ఒప్పందమే ఉదాహరణ. ప్రాంతం స్థాయిలో అప్‌టైమ్ 99.99 కంటే తగ్గి 99 శాతానికి తగ్గకుండా ఉంటే తగ్గింపు 10 శాతం. ఆ 99 శాతం గీత దాకా అంటే నెలలో ఏడు గంటల దాకా. నెల బిల్లు రెండువేలయితే చేతికొచ్చేది రెండు వందలు. అప్పుడైనా ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఆగిందో తేదీ, సమయంతో చూపించాలి. మన సొంత మానిటర్ జాబితా ఉంటే సపోర్ట్‌వాళ్లతో మాట్లాడటం సులువవుతుంది. ‘మీ సైట్ మాకు బాగానే ఉంది’ అన్న జవాబుకు ‘ఫలానా రాత్రి 2.30 నుంచి 2.37 వరకు చూడండి’ అని చెప్పగలుగుతాం.

ఒక దుకాణానికి 99.9 కావాలా, 99.5 చాలా అన్నదీ ఇక్కడే తేలుతుంది. నెలకు నలభై ఆర్డర్లు వచ్చే సైట్ 99.99 కోసం రెండో సర్వర్ కొనుక్కోనక్కర్లేదు. ఆగితే పావుగంటలో తెలియడం, ఆర్డర్లు వచ్చే వేళ ఆగకుండా చూసుకోవడం చాలు. ఈ రెండింటికీ కావాల్సింది డబ్బు కంటే ఓ మధ్యాహ్నం తీరిక.

ఇదంతా అమర్చుకున్నాక ఒక పని మిగులుతుంది, దాన్ని మాత్రం వదలొద్దు. మానిటర్‌లో కీవర్డ్‌ను కావాలనే తప్పుగా మార్చండి, సైట్‌లో ఎక్కడా లేని మాట ఏదైనా పెట్టండి. కొద్ది నిమిషాల్లో మీ ఫోన్ మోగాలి. మోగకపోతే టోకెన్, ఫోన్ బ్యాటరీ సెట్టింగ్, మెయిల్ స్పామ్ ఫోల్డర్ వరుసగా చూడండి. మోగితే కీవర్డ్ తిరిగి సరిచేసి, ‘సైట్ లేచింది’ అన్న రెండో కబురు కూడా వచ్చిందో లేదో చూసుకోండి. ఆపై రిజిస్ట్రార్ ఖాతా తెరిచి అందులో ఉన్న మెయిల్, ఫోన్ నంబర్ మీవేనా అని సరిచూడండి. ఒక్కసారైనా మోగించి చూడని అలర్ట్‌ను లేనట్టే లెక్కవేసుకోవాలి.